పొట్టకూటి ఉద్యోగం ముందే మొదలుపెట్టండి, కానీ సగమే చేయండి

కొత్త దేశంలో దిగినవాళ్ళకి మొదటి నెలలోనే రెండు రకాల సలహాలు అందుతాయి. "ఏ పని దొరికితే అది పట్టుకో, తెచ్చుకున్న డబ్బు చూస్తుండగానే కరిగిపోతుంది" అని కొందరంటారు. "తొందరపడి గోడౌన్‌లోకి వెళ్ళావంటే అక్కడే ఉండిపోతావు, నీ ఫీల్డ్‌లో వచ్చేదాకా ఓపిక పట్టు" అని ఇంకొందరంటారు. ఇద్దరూ మన మేలు కోరేవాళ్ళే, ఇద్దరి దగ్గరా ఉదాహరణలు ఉంటాయి. నేను వాదించేది మాత్రం మూడో దారి గురించి. చేతిలో డబ్బు ఉండగానే, దిగిన మొదటి నెలలోనే పొట్టకూటి పని వెతుక్కోవాలి. అయితే వారానికి 40 గంటల పని కాదు, 24 గంటల దగ్గర ఆపాలి. దాన్ని ఎప్పుడు వదలాలో చేరే రోజే కాగితం మీద రాసుకోవాలి. అలా రాసుకునేది ఫలానా తేదీ అని కాదు, ఫలానా పరిస్థితి వస్తే అని.

ఇది లెక్క వేస్తే తప్ప నమ్మబుద్ధి కాదు కాబట్టి ఒక ఉదాహరణతో చూద్దాం. ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న ఒక అకౌంటెంట్ అనుకోండి. ఏ ఉద్యోగమైనా చేసే అనుమతి ఉంది. చేతిలో ఉన్న డబ్బు ఆరు నెలల ఖర్చుకి సరిపోతుంది. ఇక్కడ డబ్బుని కరెన్సీలో కాకుండా నెలల్లో లెక్కపెట్టడం చాలా ముఖ్యం, ఎందుకంటే మనకి కావలసింది ఎంత ఉంది అన్నది కాదు, ఎన్నాళ్ళుంటుంది అన్నది. ఆ ఆరు నెలల్లో రెండు నెలలది ముట్టుకోకూడని నిల్వగా పక్కన పెడదాం. మంచి ఉద్యోగానికి ఎంపికయ్యాక కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్, చేరే తేదీ, మొదటి జీతం కలిసి ఒక్కోసారి రెండు నెలల దాకా పడతాయి. ఆ మధ్యకాలానికే ఈ నిల్వ.

అతను ఏ పనీ చేయకుండా తన రంగంలోనే వెతికితే నాలుగో నెల చివరికి నిల్వ దగ్గరికి వచ్చేస్తాడు. అదే మొదటి రోజుల్లోనే చిన్న పని వెతుక్కున్నాడనుకుందాం. బ్యాంకు ఖాతా, పన్ను నంబరు, మొదటి జీతం ఆలస్యం, ఇవన్నీ కలిపి ఒక నెల ఎలాగూ ఆదాయం లేకుండా పోతుంది. ఐదు నెలల డబ్బు మిగులుతుంది. వారానికి 40 గంటలు చేస్తే నెల ఖర్చు సరిగ్గా వెళ్ళిపోతుందనుకుంటే, 24 గంటల పని ఖర్చులో 60 శాతం మోస్తుంది. అంటే నెలకి 0.4 నెల డబ్బు మాత్రమే తరుగుతుంది. నిల్వ పోను ఉన్న మూడు నెలల డబ్బుని 0.4తో భాగిస్తే ఏడున్నర నెలలు. మొదటి నెల కలిపితే ఎనిమిదిన్నర. నాలుగు నెలల గడువు ఎనిమిదిన్నర అయింది.

ఇప్పుడు ఇదే మనిషి "మూడు నెలలు చూసి, రాకపోతే అప్పుడు ఏదో ఒకటి చేద్దాం" అనుకున్నాడనుకోండి. ఎక్కువమంది చేసేది ఇదే. మూడో నెల చివర వెతకడం మొదలుపెడితే, జీతం చేతికొచ్చేసరికి నాలుగో నెల కూడా అయిపోతుంది. నిల్వ తప్ప ఏమీ మిగలదు. ఇక 24 గంటల పని అతనికి చాలదు, నెలనెలా నిల్వ తరుగుతూ ఉంటుంది. భయంతో 40 గంటలకి ఒప్పుకుంటాడు, ఓవర్‌టైమ్ ఇస్తే అదీ తీసుకుంటాడు. సొంత రంగంలో వెతకడానికి టైమూ ఉండదు, శక్తీ ఉండదు. పొట్టకూటి ఉద్యోగంలో ఇరుక్కుపోయారని మనం చెప్పుకునేవాళ్ళలో చాలామంది తొందరపడి చేరినవాళ్ళు కారు, ఆలస్యంగా చేరినవాళ్ళు. నా దృష్టిలో ఈ విషయంలో జరిగే అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే.

మరి మొదటి రోజు నుంచే 40 గంటలు చేస్తే డబ్బు అసలు తరగదు కదా అనొచ్చు. తరగదు, నిజమే. కానీ టైమ్ తరుగుతుంది. ఎనిమిది గంటల షిఫ్టులు మూడు, పోనురాను రోజుకి రెండు గంటలు కలిపితే వారానికి 30 గంటలు. అవే షిఫ్టులు ఐదైతే 50 గంటలు. తేడా 20 గంటలు. ఉద్యోగ ప్రకటన చదివి, రెజ్యూమే దానికి తగ్గట్టు మార్చి, ఆ సంస్థలో ఎవరున్నారో చూసి, పద్ధతిగా ఒక దరఖాస్తు పంపడానికి గంటన్నర పడుతుంది. వారానికి పది పంపితే 15 గంటలు. ఆ రంగంలో ఉన్న ఒకరిద్దరితో మాట్లాడటానికి, ఇంటర్వ్యూకి తయారవడానికి ఇంకో ఐదు. అక్కడికి ఆ 20 గంటలూ సరిపోయాయి. 40 గంటలు మోతపని చేసి వచ్చినవాళ్ళు కూడా దరఖాస్తులు పంపుతారు, కానీ రాత్రి పదకొండింటికి, ఒకే రెజ్యూమేని, బటన్ నొక్కి, యాభై చోట్లకి. అలా పంపినవాటికి జవాబులు రావు. జవాబులు రాకపోతే ఈ దేశంలో మన చదువుకి విలువ లేదనే నిర్ణయానికి వచ్చేస్తారు.

గంటలు ఎన్ని అన్నదానికన్నా ఎప్పుడు అన్నది ఇంకా ముఖ్యం. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రిక్రూటర్ల ఫోన్లు వచ్చేది సోమవారం నుంచి శుక్రవారం దాకా, పగటి పూట. గోడౌన్లలో, ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల ఫోన్ లాకర్‌లో పెట్టాలి. ఉదయం పదకొండింటికి ఫోన్ వస్తుంది, ఎవరూ ఎత్తరు, వాయిస్ మెయిల్‌కి పోతుంది. మనవాళ్ళు షిఫ్టు అయ్యాక నాలుగున్నరకి చూసుకుని తిరిగి చేస్తే అవతలివాళ్ళు దొరకరు. మర్నాడు దొరికేసరికి వాళ్ళ జాబితాలో ఉన్న నలుగురిలో ముగ్గురితో మాట్లాడేసి ఉంటారు. రెజ్యూమేలో లోపమేమీ లేదు, పిలుపు కూడా వచ్చింది, షిఫ్టు వల్ల పోయింది. అందుకని పని ఎంచుకునేటప్పుడు గంటకి ఎంతిస్తారన్నదానికన్నా ముందు, వారంలో పనిదినాల ఉదయాలు ఖాళీగా ఉంటాయా అన్నది చూడాలి.

శుక్ర, శని, ఆదివారాల షిఫ్టులు దొరికితే అంతకన్నా మంచిది లేదు. తర్వాతది మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా ఉండే షిఫ్టు. రాత్రి షిఫ్టుకి గంటకి కాస్త ఎక్కువిస్తారు కాబట్టి చాలామంది దానికి మొగ్గుతారు. కానీ పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరి పడుకున్న మనిషి పదకొండింటికి ఫోనెత్తి నిద్రగొంతుతో తన అనుభవం చెప్పలేడు. రాత్రి షిఫ్టు వారానికి ఒకటి రెండుకి మించకుండా చూసుకోవడం మేలు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది, ఏజెన్సీ ద్వారా ముందురోజు సాయంత్రం మెసేజ్ పెట్టి పిలిచే పని. దాంట్లో గురువారం ఇంటర్వ్యూకి వస్తానని సోమవారం మాట ఇవ్వలేం.

చేరేముందు సూపర్‌వైజర్‌ని మూడు విషయాలు అడగాలి. షిఫ్టుల పట్టిక ఎన్ని రోజుల ముందు పెడతారు? తోటివాళ్ళతో షిఫ్టు మార్చుకోవచ్చా? మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? వీటికి తేలిగ్గా జవాబు చెప్పే చోటు గంటకి కాస్త తక్కువిచ్చినా మనకి అదే లాభం. ఒప్పందంలో ఇంత కాలం తప్పక పనిచేయాలని, లేదంటే శిక్షణ ఖర్చు కట్టాలని ఏమైనా ఉందేమో చదివి మరీ సంతకం పెట్టాలి. బరువులెత్తే పనైతే నడుం సంగతి కూడా ఆలోచించాలి. పదేళ్ళు కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషి మొదటి వారంలోనే ఐదు షిఫ్టులు మోస్తే నడుం పట్టేసి, పనీ వెతుకులాటా రెండూ ఆగిపోతాయి.

ఇక రెజ్యూమే సంగతి. పొట్టకూటి ఉద్యోగం దాంట్లో రాయాలా, ఖాళీ చూపించాలా? ఈ విషయంలో ఊహలు అక్కర్లేదు, ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో 100 నగరాల్లో దాదాపు 12,000 కల్పిత రెజ్యూమేలు పంపి చేసిన ఒక ప్రయోగం 2013లో ప్రచురితమైంది. ఉద్యోగం లేని కాలం పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి, ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది నెలల్లోనే జరిగింది. తర్వాత పెద్దగా తేడా లేదు. మరి ఖాళీకి బదులు ఏదో ఒక పని చూపిస్తే? సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ పెడుల్లా 2016లో ప్రచురించిన ప్రయోగంలో దానికీ జవాబుంది. చదువుకి బాగా తక్కువైన ఉద్యోగంలో ఉన్నట్టు చూపిన రెజ్యూమేలకి, సొంత రంగంలో పూర్తికాల ఉద్యోగంలో ఉన్నట్టు చూపినవాటితో పోలిస్తే పిలుపులు దాదాపు సగమే వచ్చాయి. అంటే ఖాళీ ఉన్నా నష్టమే, తక్కువ పని చూపినా నష్టమే. రెండూ అమెరికాలో చేసినవే, వాటిలో చూపిన అభ్యర్థులు కొత్తగా వచ్చినవాళ్ళు కారు. అయినా రెజ్యూమే చదివే కన్ను ఎక్కడైనా అదే కాబట్టి వాటిని పట్టించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మరి దారేది? దానికి టొరంటోలో ఆర్థికవేత్త ఫిలిప్ ఒరియోపౌలోస్ చేసిన ప్రయోగం చూడాలి. ఆయన వేల కల్పిత రెజ్యూమేలు పంపి 2011లో ఫలితాలు ప్రచురించాడు. విదేశీ పేర్లున్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయన్నది అందరూ గుర్తుపెట్టుకునే భాగం. మనకి పనికొచ్చేది ఇంకొకటి. విదేశీ అనుభవం మాత్రమే ఉన్న రెజ్యూమేకి స్థానిక అనుభవం చేరితే పిలుపులు గట్టిగా పెరిగాయి. అక్కడ చేర్చిన స్థానిక అనుభవం గోడౌన్‌ది కాదు, అభ్యర్థి రంగానికి సంబంధించినదే. కాబట్టి మనం కొనుక్కోవలసింది సొంత రంగంలో స్థానిక అనుభవం. అది చిన్నదైనా, పార్ట్‌టైమైనా, కాంట్రాక్టైనా సరే. పొట్టకూటి ఉద్యోగం చేసేది ఆ వెతుకులాటకి టైమ్ కొనుక్కోవడానికే, అంతకుమించి దాని నుంచి ఏదీ ఆశించకూడదు. "స్థానిక అనుభవం వస్తుంది కదా" అని గోడౌన్ పనిని సమర్థించుకోవడం అకౌంటెంట్ విషయంలో చెల్లదు.

రెజ్యూమేలో జీవితమంతా రాయాల్సిన పనిలేదు. సొంత రంగానికి సంబంధించిన అనుభవం అనే శీర్షిక పెట్టి అవే రాసి, పొట్టకూటి పనిని చివర "ఇతర ఉద్యోగాలు" కింద ఒక్క వరసలో రాయొచ్చు, పూర్తిగా వదిలేయనూ వచ్చు. కానీ దరఖాస్తు ఫారంలో "గత ఐదేళ్ళ ఉద్యోగాలన్నీ రాయండి" అని అడిగితే అన్నీ రాయాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారం అయినా అంతే. వలస దరఖాస్తుల్లో అయితే ఒక్క నెల కూడా వదలకూడదు. రెజ్యూమే మనం ఎంచి చూపించే కాగితం, ఫారం మనం నిజమని సంతకం పెట్టే కాగితం. ఈ రెండూ కలగలిపి, చేతికొచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళుంటారు.

రంగంలోకి అడుగుపెట్టడానికి మధ్య మెట్టు ఒకటి ఉంటుంది. అకౌంటెంట్‌కి పేరోల్ క్లర్కో, బిల్లుల చెల్లింపులు చూసే అకౌంట్స్ పేయబుల్ ఉద్యోగమో. సివిల్ ఇంజినీరుకి కాంక్రీటు, మట్టి నమూనాలు పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌కి హెల్ప్‌డెస్క్. ఇవన్నీ వినడానికి బాగుంటాయి, కానీ కొన్ని మధ్య మెట్లలా కనిపిస్తాయే తప్ప కాదు. బ్యాంకు భవనంలో సెక్యూరిటీగా చేరితే బ్యాంకింగ్‌లోకి దారి పడదు. ఏది నిజమైన మెట్టో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. ఈ ఉద్యోగంలో ఆరు నెలల తర్వాత నా గురించి రిఫరెన్స్ ఇవ్వగల మనిషి నా రంగం మనిషేనా? నేను చేసిన పనిని అతను మా రంగం మాటల్లో చెప్పగలడా? అకౌంట్స్ పేయబుల్‌లో చేరిన మనిషి గురించి అకౌంట్స్ విభాగానికి పెద్ద అయిన కంట్రోలర్ "నెలాఖరు లెక్కలు ఇతనే ముగించాడు, తేడాలు పట్టుకున్నాడు" అని చెబుతాడు. ఆ మాట అనగల మనిషి పైన ఉంటే జీతం తక్కువైనా అది మెట్టే.

మళ్ళీ మన అకౌంటెంట్ దగ్గరికి వద్దాం. ఎప్పుడు మారాలో తెలియాలంటే దరఖాస్తుల లెక్క ఉంచుకోవాలి. ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, సంస్థ, ఉద్యోగం పేరు, ఏ రెజ్యూమే పంపారు, పిలుపు వచ్చిందా, ఎక్కడ ఆగింది. నలభై దరఖాస్తులకి ఒకసారి ఆగి చూసుకోవాలి. మొదటి నలభైకీ అతనికి ఒకే ఒక్క పిలుపు వచ్చిందనుకుందాం. దానర్థం ఇంకా ఎక్కువ పంపాలని కాదు, రెజ్యూమే తలుపు దాటడం లేదని. వెతికి చూస్తే అతను వేసినవన్నీ సీనియర్ అకౌంటెంట్, ఫైనాన్స్ మేనేజర్ ఉద్యోగాలు. వాటికి స్థానిక పన్ను నియమాలు తెలిసి ఉండాలని ప్రకటనలోనే రాసి ఉంటుంది. రెజ్యూమేలో ఏ సాఫ్ట్‌వేర్ వాడాడో ఎక్కడా లేదు, ఎన్ని బిల్లులు చూశాడో లేదు, పనిచేసిన సంస్థ ఎంత పెద్దదో అక్కడివాళ్ళకి తెలియదు. రెండో నలభైకి గురి ఒక మెట్టు దించి స్టాఫ్ అకౌంటెంట్, అకౌంట్స్ పేయబుల్ వేస్తాడు. "అకౌంట్స్ విభాగం బాధ్యతలు చూశాను" అనే వాక్యం తీసేసి, నెలకి ఎన్ని వందల ఇన్వాయిస్‌లు, ఎన్ని బ్యాంకు ఖాతాల సరిచూపు, ఏ సాఫ్ట్‌వేర్‌లో, నెలాఖరు ముగింపు ఎన్ని రోజుల్లో అని రాస్తాడు.

ఇప్పుడు ఐదు పిలుపులు, రెండు ఇంటర్వ్యూలు వచ్చాయనుకుందాం. రెండూ ఒకే ప్రశ్న దగ్గర పోయాయి: ఇక్కడి అమ్మకపు పన్ను, జీతంలోంచి పట్టుకునే మొత్తాలు ఎలా లెక్కిస్తారో చెప్పమన్నారు. ఈసారి లోపం రెజ్యూమేలో లేదు, తెలివితేటల్లోనూ లేదు, నాలుగైదు వారాల్లో చదివి నేర్చుకోగల ఒక్క అంశంలో ఉంది. పుస్తకంలో రాసుకోకపోతే ఇది కనిపించేదే కాదు, "రెండు ఇంటర్వ్యూలు పోయాయి" అన్న దిగులే మిగిలేది. పిలుపులే రాకపోతే రెజ్యూమే, గురి మార్చాలి. ఫోన్ సంభాషణ తర్వాత ఆగిపోతుంటే మనల్ని మనం పరిచయం చేసుకునే తీరు, జీతం ఎంత కావాలంటే చెప్పే జవాబు, పని అనుమతి గురించి చెప్పే జవాబు చూసుకోవాలి. చివరి రౌండ్ దాకా వెళ్ళి పోతుంటే లోతు, రిఫరెన్సులు చూసుకోవాలి.

చేరే రోజు రాసుకోమన్న షరతులు ఇక్కడి నుంచే పుడతాయి. నేనైతే మూడు రాస్తాను. వరుసగా మూడు వారాలు వారానికి ఒక పిలుపు చొప్పున వస్తే మూడు షిఫ్టుల్లో ఒకటి తగ్గించుకోవాలి. నిల్వ చెదరకుండా కనీసం రెండు నెలల అదనపు డబ్బు ఉంటేనే ఈ తగ్గింపు. నూట ఇరవై దరఖాస్తుల తర్వాత కూడా పిలుపులు నలభైకి రెండు దాటకపోతే, అదే దారిలో ఇంకో నలభై పంపడం ఆపి, స్థానిక కోర్సో, సర్టిఫికెట్టో, ఇంకో మెట్టు కింది ఉద్యోగమో ఎంచుకోవాలి. సొంత రంగంలో రాతపూర్వకమైన ఆఫర్ వస్తే, కాంట్రాక్టైనా సరే, మారాలి. ఈ అంకెలు శాస్త్రం కాదు, నా అంచనాలు. మీ రంగంలో నియామకాలు నెమ్మదిగా జరిగితే నలభైని ముప్పై చేసుకోండి. కానీ ఏదో ఒక అంకె ముందే రాసుకోవాలి, ఎందుకంటే అలసిపోయి ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం ఎప్పుడూ "ఇంకో మూడు నెలలు చూద్దాం" అనే వస్తుంది.

కాంట్రాక్టైనా అన్నానని ఆశ్చర్యపోవద్దు. మన అకౌంటెంట్‌కి ఆరో నెలలో ఆరు నెలల కాంట్రాక్టు ఒకటి వచ్చింది, అదే సమయంలో గోడౌన్‌లో అతన్ని పర్మనెంట్ చేస్తామన్నారు, ఆరోగ్య బీమా కూడా ఇస్తామన్నారు అనుకుందాం. ఇంట్లోవాళ్ళు పర్మనెంట్ వదులుకోవద్దంటారు. వాళ్ళ భయంలో అర్థముంది. కానీ ఆరు నెలల తర్వాత ఏది చేతిలో ఉంటుందో చూడండి. కాంట్రాక్టు ఆగిపోయినా స్థానిక అనుభవం, రిఫరెన్స్ ఇచ్చే కంట్రోలర్, ఇక్కడి పన్ను లెక్కలు చేసిన అనుభవం మిగులుతాయి. గోడౌన్ లాంటి పని మళ్ళీ కావాలంటే దొరుకుతుంది. ఇంట్లో ఎవరికైనా వైద్యం నడుస్తూ, బీమా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు బీమాకి వేరే ఏర్పాటు దొరికేదాకా ఆగడమే సబబు.

మారడాన్ని నిజంగా ఆపేది ఇంకొకటి ఉంది, అది ఏడాది దాటాక మొదలవుతుంది. ఓవర్‌టైమ్, రాత్రి షిఫ్టు అదనం కలిపి పొట్టకూటి ఉద్యోగంలో వచ్చే డబ్బు, సొంత రంగంలో కింది స్థాయి జీతాన్ని దాటిపోతుంది. 40 గంటలకి వచ్చేదాన్ని 100 అనుకుంటే, ఓవర్‌టైమ్‌తో 55 గంటలకి 145 దాకా వస్తుంది. అకౌంట్స్ ఉద్యోగం 40 గంటలకి 120 ఇస్తానంటుంది. నెలకి 25 తగ్గించుకుని ఎవరు మారతారు? గంటకి లెక్కేస్తే మొదటిది 2.6, రెండోది 3. పైగా రెండోది పెరిగే జీతం. కానీ అప్పటికే 145 వస్తుందన్న ధైర్యంతో కారు వాయిదాలు, పెద్ద ఇల్లు ఒప్పుకుని ఉంటే గంట లెక్క ఎంత నిజమైనా పనికిరాదు, నెల తిరిగేసరికి 145 కావాలి. తలుపు మూసుకునేది అక్కడ. అందుకే ఓవర్‌టైమ్ డబ్బుతో నెలవారీ వాయిదా ఏదీ మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ డబ్బు నిల్వలోకే పోవాలి, లేదా కోర్సు ఫీజుకి.

ఇంతవరకూ చెప్పినదంతా ఏ ఉద్యోగమైనా చేసే అనుమతి ఉన్నవాళ్ళ గురించి. తాత్కాలిక అనుమతి మీద ఉండి శాశ్వత నివాసానికి ప్రయత్నిస్తున్నవాళ్ళకి ఇంకో గడియారం నడుస్తుంటుంది. కెనడానే తీసుకోండి. అక్కడి అనుభవం ఆధారంగా దరఖాస్తు చేసే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కి గత మూడేళ్ళలో కనీసం ఏడాది, అంటే 1,560 గంటల, నైపుణ్యమున్న పని చూపించాలి. అక్కడి ఉద్యోగాల వర్గీకరణలో ఏ పనికి ఎంత చదువు, శిక్షణ కావాలో టీర్ అనే స్థాయిలు చెబుతాయి, వాటిలో టీర్ 0 నుంచి 3 దాకా ఉన్నవే లెక్కకొస్తాయి. సాధారణ గోడౌన్ కూలి పని, క్యాషియర్ పని టీర్ 5లోకి వస్తాయి కాబట్టి ఎన్ని వేల గంటలు చేసినా ఈ లెక్కలో చేరవు. స్వయం ఉపాధి కూడా చేరదు. అలాంటివాళ్ళు అనుమతి గడువు నుంచి ఏడాదిని వెనక్కి లెక్కపెట్టి, దరఖాస్తు పనికి ఇంకో రెండు మూడు నెలలు కలుపుకుని, ఆ తేదీని మార్పుకి చివరి తేదీగా పెట్టుకోవాలి. వాళ్ళ విషయంలో షరతులు చాలవు, తేదీ కావాలి. జీతం తక్కువైనా సరే వర్గం సరిపోయే ఉద్యోగమే వాళ్ళకి ముఖ్యం. ఉద్యోగం పేరు సరిపోతే చాలదు, నిజంగా చేసిన పనులు ఆ వర్గం వివరణకి సరిపోవాలి.

లైసెన్సు కావలసిన వృత్తులవాళ్ళకి, అంటే నర్సులు, డాక్టర్లు, టీచర్లు, కొన్నిచోట్ల ఇంజినీర్లకి, దరఖాస్తుల లెక్కకన్నా కాగితాల లెక్క ముందు. వాళ్ళు మొదటి వారంలోనే చదువుల మదింపుకి పంపాలి, ఎందుకంటే యూనివర్సిటీ నుంచి సీలు వేసిన మార్కుల జాబితా రావడానికే నెలలు పట్టొచ్చు. నియమాలు మారుతుంటాయి కూడా. అంటారియోలో ఇంజినీరు లైసెన్సుకి కెనడా అనుభవం తప్పనిసరి అన్న నిబంధనని 2023లో తీసేశారు. ఎవరో పదేళ్ళ కిందట చెప్పిన మాట పట్టుకుని ఆగిపోకుండా లైసెన్సు ఇచ్చే సంస్థ పేజీనే చదవాలి.

భార్యాభర్తలిద్దరూ పనిచేయగలిగితే ఒకరు పూర్తిగా పొట్టకూటి పని, ఇంకొకరు పూర్తిగా వెతుకులాట అని పంచుకోవడం మంచిదే. కానీ సాధారణంగా స్వదేశంలో ఎవరి జీతం ఎక్కువో వాళ్ళనే వెతకనిస్తారు. చూడవలసింది అది కాదు, ఇక్కడ ఎవరి దారి దగ్గరదో అది. లైసెన్సు అక్కర్లేని టెస్టర్ మూడు నాలుగు నెలల్లో కుదురుకోగలిగితే, లైసెన్సుకి ఏడాదిన్నర పట్టే వృత్తిలో ఉన్నవాళ్ళు ఈలోగా ఇల్లు నడపాలి, తర్వాత వాళ్ళ వంతు రావాలి. ఆ వంతు ఎప్పుడన్నది కూడా కాగితం మీద రాసుకోకపోతే ఒకరి కెరీర్ మాటల్లోనే పోతుంది. మన ఇళ్ళల్లో అది ఎక్కువగా ఆడవాళ్ళదే అవుతుంది.

ఆఫర్ వచ్చాక ఆ ఉత్సాహంలో వెంటనే రాజీనామా ఇవ్వొద్దు. చాలా ఆఫర్లు బ్యాక్‌గ్రౌండ్ చెక్, రిఫరెన్సులు సవ్యంగా ఉంటేనే అన్న షరతు మీద వస్తాయి. విదేశంలో పాత యజమానిని సంప్రదించడానికి టైమ్ పడుతుంది, ఒక్కోసారి పాత సంస్థ మూతపడి ఉంటుంది. అనుభవ పత్రం, జీతం చీటీలు, పన్ను కాగితాలు ముందే స్కాన్ చేసి ఉంచితే వారంలో తేలుతుంది. చెక్ అయిపోయిందని మెయిల్ వచ్చి, చేరే తేదీ ఖరారయ్యాకే ఇక్కడ నోటీసు ఇవ్వాలి. చేరే తేదీ అడిగినప్పుడు ఇక్కడి నోటీసు కాలం, పైన నాలుగైదు రోజుల విశ్రాంతి కలుపుకుని చెప్పండి. రాత్రి షిఫ్టు చేసి మర్నాడే కొత్త ఆఫీసులో మొదటి రోజు గడిపితే కొత్తవాళ్ళకి కనిపించేది మీ అలసటే.

కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్ దాటేదాకా వారాంతం షిఫ్టు ఒకటి ఉంచుకుందామని కొందరనుకుంటారు. ముందు కొత్త ఒప్పందం దానికి ఒప్పుకుంటుందో లేదో చూడండి, చాలా ఒప్పందాల్లో బయటి పనికి ముందస్తు అనుమతి కావాలని ఉంటుంది. ఒప్పుకున్నా నెలకి మించి వద్దంటాను. మొదటి మూడు నెలల్లో ఎంత త్వరగా పని అందుకుంటారన్నదాన్ని బట్టే వాళ్ళు మిమ్మల్ని అంచనా వేస్తారు. ఆ నెలలో రెండు చోట్లా జీతం వస్తుంటే పన్ను ఫారం జాగ్రత్త. వ్యక్తిగత మినహాయింపుని రెండు చోట్లా రాస్తే రెండు సంస్థలూ తక్కువ పన్ను పట్టుకుంటాయి, ఏడాది చివర తేడా అంతా ఒకేసారి కట్టాల్సి వస్తుంది. మినహాయింపు ఎక్కువ జీతం వచ్చే చోట మాత్రమే రాయండి. పాత చోటు వదిలే రోజు చివరి జీతం చీటీ, వాడని సెలవుల డబ్బు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో చెప్పే కాగితం అడిగి తీసుకోండి, ఏడాది చివర పన్ను కాగితం పంపడానికి మీ కొత్త చిరునామా కూడా ఇచ్చి రండి.